కాంటా చూపించేది బరువా, ద్రవ్యరాశా? సైన్సు పుస్తకంలో తికమక పెట్టే మాటలు

సంగారెడ్డి జిల్లా కాజీపల్లి పారిశ్రామికవాడలో మందుల కంపెనీల గోదాములకు రోజూ డ్రమ్ములు వస్తాయి, పోతాయి. ప్రతి డ్రమ్ము కాంటా ఎక్కాల్సిందే. తెర మీద 50.00 అని పడితే రిజిస్టర్‌లో "బరువు 50 కిలోలు" అని రాసుకుంటారు. వ్యాపారంలో ఇందులో తప్పేమీ లేదు. అదే కార్మికుడి కొడుకు తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం పరీక్షలో "డ్రమ్ము భారం 50 కిలోగ్రాములు" అని రాస్తే మాత్రం మార్కు పోతుంది. తండ్రి పనిచేసే చోట ఒప్పయినది కొడుకు పేపర్‌లో ఎలా తప్పయింది?

డ్రమ్ములో ఎంత సరుకు ఉందన్నది ఒక విషయం. ఆ సరుకును భూమి ఎంత బలంతో కిందికి లాగుతోందన్నది ఇంకో విషయం. మొదటిదాన్ని ఇంగ్లీషులో మాస్ అంటారు, తెలుగు పుస్తకంలో ద్రవ్యరాశి. దీన్ని కిలోగ్రాముల్లో చెప్పాలి. రెండోది వెయిట్, పుస్తకంలో భారం. అది బలం కాబట్టి న్యూటన్లలో చెప్పాలి. ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లే సూత్రం W = mg. మన డ్రమ్ముకైతే 50 × 9.8, అంటే 490 న్యూటన్లు. పరీక్షలో రాయాల్సిన భారం అది.

చిక్కంతా మాటల దగ్గర వచ్చింది. ఇంట్లో బరువు, భారం అనే రెండు మాటలకూ మనం ఒకటే అర్థం చెప్పుకుంటాం. చిన్న తరగతుల లెక్కల పుస్తకం కూడా "బరువు కొలతలు" అంటూ కిలోలు, గ్రాములే నేర్పిస్తుంది. పెద్ద తరగతికి వచ్చాక హఠాత్తుగా కిలో బరువు కొలత కాదంటే పిల్లాడు ఏం చేస్తాడు? ఇంగ్లీషు మీడియం పిల్లలకూ ఈ తిప్పలు తప్పలేదు. బియ్యం సంచి మీద "నెట్ వెయిట్" అని ఉంటుంది, దాని పక్కన ఉండేది కిలోలు. నిజానికి అది మాస్. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలూ అన్నిటికీ వజన్ అనే అంటారు, మాస్‌కు కమియత్ అనే మాట ఉర్దూ మీడియం పుస్తకంలోనే ఎదురవుతుంది. ఈ ఒక్క చోట తెలుగు మాటే మేలనిపిస్తుంది. ద్రవ్యం, రాశి. పదార్థపు కుప్ప అని పేరులోనే ఉంది. కళ్లంలో వడ్ల రాశి చూసినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు.

మరి కాంటా చూపించేది రెండిట్లో ఏది? పాత త్రాసు సంగతి తేలిక. ఒక పళ్లెంలో సరుకు, ఇంకో పళ్లెంలో రాళ్లు. రెండిటినీ భూమి ఒకే తీరున లాగుతుంది కాబట్టి ముల్లు మధ్యకు వస్తే ద్రవ్యరాశులు సమానమైనట్టు. ఆ త్రాసును ఎక్కడికి తీసుకెళ్లినా తూకం మారదు. ఎలక్ట్రానిక్ కాంటా పని వేరు. దాని పళ్లెం కింద లోడ్ సెల్ అనే లోహపు ముక్క ఉంటుంది. డ్రమ్ము పెట్టగానే అది వెంట్రుకవాసి వంగుతుంది. ఆ వంపును బట్టి ఎంత బలం నొక్కుతోందో యంత్రం పసిగడుతుంది. అంటే అది కొలిచేది భారాన్ని. కానీ తెర మీద చూపించేది కిలోలు. ముందుగా తెలిసిన ద్రవ్యరాశి ఉన్న ప్రామాణిక రాళ్లు పెట్టి, ఇంత నొక్కితే ఇన్ని కిలోలు అని దానికి నేర్పి ఉంచుతారు. లారీలు ఎక్కే ధర్మకాంటా కూడా ఇదే పద్ధతి.

ఇక్కడే ఒక ఆసక్తికరమైన తేడా వస్తుంది. భూమి లాగే బలం అన్ని చోట్లా ఒక్కలా ఉండదు. భూమధ్యరేఖ దగ్గర కొంచెం తక్కువ, ధ్రువాల దగ్గర కొంచెం ఎక్కువ, ఎత్తుకు పోయేకొద్దీ తగ్గుతుంది. పుస్తకంలో 9.8 అని రాసుకునే విలువ ఢిల్లీలో సుమారు 9.79, మన హైదరాబాద్ చుట్టుపక్కల సుమారు 9.78. ఢిల్లీలో సరిచేసిన ఎలక్ట్రానిక్ కాంటాను తెచ్చి, మళ్లీ సరిచేయకుండా కాజీపల్లిలో పెడితే 50 కిలోల డ్రమ్ము దాదాపు 40 గ్రాములు తక్కువ చూపిస్తుంది. డ్రమ్ములో సరుకు గ్రాము కూడా తగ్గలేదు, తగ్గింది భారం. ఉల్లిగడ్డలకైతే ఎవరూ పట్టించుకోరు. మిల్లీగ్రాముల్లో మందు తూచే ల్యాబ్‌కు ఈ తేడా చాలా పెద్దది. అందుకే సున్నితమైన కాంటాను వాడే చోటనే ప్రామాణిక రాళ్లతో సరిచూస్తారు. ద్రవ్యరాశి, భారం ఒకటే అయితే ఈ పని అవసరమే ఉండేది కాదు.

ఈ జంటలో పిల్లలకు ఒక ఆసరా ఉంది. జవాబు పక్కన కిలోగ్రాము ఉంటే ద్రవ్యరాశి, న్యూటన్ ఉంటే భారం. ప్రమాణం చూస్తే దొరికిపోతుంది. స్పీడ్, వెలాసిటీ దగ్గర ఆ ఆసరా కూడా ఉండదు, రెండిటికీ మీటర్లు/సెకను అనే రాయాలి.

పైగా అక్కడ తెలుగు మాట ఎదురు తిరుగుతుంది. మనం మామూలుగా స్పీడును వేగం అంటాం. బండి వేగం, వేగ పరిమితి, "వేగంగా పోకు నాన్నా". పుస్తకం ఆ వేగం అనే మాటను తీసుకుపోయి వెలాసిటీకి ఇచ్చింది, స్పీడ్‌కు వడి అని పెట్టింది. వడి అనే మాట ఈ రోజుల్లో "వడివడిగా నడిచాడు" అనడంలో తప్ప పెద్దగా వినపడదు. అందుకే వేగాన్ని నిర్వచించమంటే పిల్లలు వడి నిర్వచనం రాసేస్తారు. భాష రాక కాదు, ఇంటి తెలుగు బాగా వచ్చినందుకే తప్పు రాస్తున్నారు!

తేడా దిక్కులో ఉంది. ఎంత జోరుగా పోతున్నామన్నది వడి. ఎంత జోరుగా, ఏ దిక్కుకు అన్నది వేగం. కాజీపల్లికి దగ్గర్లోనే ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు మీద దీన్ని లెక్క కట్టి చూడొచ్చు. దాని పొడవు 158 కిలోమీటర్లు. ఒక కారు పటాన్‌చెరు వైపు ఎక్కి, నగరం చుట్టూ తిరిగి రెండు గంటల్లో ఎక్కిన చోటికే వచ్చిందనుకుందాం. దూరం 158, సమయం 2, కాబట్టి సగటు వడి గంటకు 79 కిలోమీటర్లు. మరి సగటు వేగం? బయల్దేరిన చోటుకూ ఆగిన చోటుకూ మధ్య ఎడం ఎంతో చూడాలి. దాన్ని పుస్తకంలో స్థానభ్రంశం అంటారు. ఇక్కడ అది సున్నా. సున్నాను రెండు గంటలతో భాగిస్తే సున్నాయే. డీజిల్ అయిపోయింది, టోల్ కట్టారు, సగటు వేగం మాత్రం సున్నా. ఇంటి తెలుగులో ఈ వాక్యం పిచ్చిమాటలా ఉంటుంది, పేపర్‌లో అదే సరైన జవాబు.

అదే కారు ముల్లు 79 దగ్గర కదలకుండా నిలబడిందనుకున్నా, రోడ్డు వంపు తిరుగుతున్నంతసేపూ దిక్కు మారుతోంది కాబట్టి వేగం మారుతున్నట్టే. వేగం మారితే త్వరణం ఉన్నట్టు. త్వర అంటే తొందర కదా, స్పీడు పెరగనిదే త్వరణం ఎక్కడిదని పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఇక్కడ పేరు సగం అర్థమే చెబుతోంది. బ్రేకు వేసినా, మలుపు తిప్పినా అది త్వరణమే.

2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో దశలవారీగా వచ్చిన ద్విభాషా పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. చలనం పాఠం తెరిచి స్పీడ్ అన్న చోట ఎదురు పేజీలో ఏముందో, వెలాసిటీ అన్న చోట ఏముందో పిల్లాడితోనే వెతికించవచ్చు. పది నిమిషాల పని, చదువు పెద్దగా రాని అమ్మీ కూడా పక్కన కూర్చుని చేయించగలదు. ఆ తర్వాత ఒక్క ప్రశ్న వేసి చూడండి: బండి స్పీడోమీటర్ చూపించేది వడా, వేగమా? ముల్లు దిక్కు చెప్పదు కాబట్టి వడి అని కారణంతో సహా చెబితే పాఠం ఎక్కినట్టే. వేగం అన్నాడంటే, మళ్లీ ఔటర్ రింగ్ రోడ్డు లెక్క దగ్గరికి రావాలి.