పేరుకు కట్టే అద్దె: ఫ్రాంచైజీ హోటలా, సొంత హోటలా?

గల్ఫ్‌లో కొన్నేళ్లు శ్రమించి కూడబెట్టిన సొమ్ముతో శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో బిర్యానీ హోటల్ తెరవాలనుకునే యువకులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: పేరున్న సంస్థ ఫ్రాంచైజీ తీసుకోవాలా, సొంత పేరు పెట్టుకోవాలా? ఒప్పంద పత్రాలను మా వద్దకు తెచ్చి చదివించుకునేవారూ ఉన్నారు. వారిలో అధికులు చూసేది ప్రవేశ రుసుమును మాత్రమే. అసలు భారం దాని తరువాతి పుటలలో ఉంటుంది.

ఫ్రాంచైజీ అంటే ఒక పేరును, వంట విధానాన్ని కొంతకాలం అద్దెకు తీసుకోవడం. ఆ అద్దెను రాయల్టీ అంటారు. దానిని లాభంపై కాక మొత్తం అమ్మకాలపై లెక్కిస్తారు. ముదారబా వ్యాపారంలో లాభం వస్తేనే ఇరువురూ పంచుకుంటారు. ఇక్కడ యజమాని నష్టపోయిన నెలలో కూడా పేరుగల సంస్థకు వాటా చెల్లించవలసిందే.

ఒక ఊహాత్మక ఉదాహరణతో లెక్క వేద్దాం. నెలకు 6 లక్షల రూపాయల అమ్మకాలున్న సొంత హోటల్‌లో సరుకుల ఖర్చు 2,28,000, జీతాలు 1,20,000, అద్దె 60,000, గ్యాస్, కరెంటు వగైరా 50,000, ప్యాకింగు, డెలివరీ కమీషన్లు 45,000 అనుకుందాం. యజమానికి 97,000 మిగులుతుంది. అదే హోటల్ ఫ్రాంచైజీ అయి, 6 శాతం రాయల్టీ, 2 శాతం ప్రకటనల నిధి కట్టాలంటే 48,000 అవుతుంది. దానిపై 18 శాతం జీఎస్టీ అదనం. వినియోగదారుని వద్ద 5 శాతం పన్ను వసూలు చేసే సాధారణ హోటల్‌కు, తాను కట్టిన ఈ 18 శాతాన్ని సర్దుబాటు చేసుకునే హక్కు లేదు. ఆ పన్ను కూడా ఖర్చే. మొత్తం 56,640 పోగా మిగిలేది 40,360.

అమ్మకాలు 5 లక్షలకు తగ్గితే చూడండి. అద్దె, జీతాలు, కరెంటు తగ్గవు. సొంత హోటల్‌కు అప్పటికీ 42,500 మిగులుతుంది. ఫ్రాంచైజీ హోటల్‌కు 4,700 నష్టం వస్తుంది.

ఇక ప్రవేశ రుసుము 8 లక్షలు, దానిపై పన్నుతో 9,44,000. ఒప్పందం అయిదేళ్లకయితే నెలకు సుమారు 15,700 పడుతుంది. అన్నీ కలిపి చూస్తే, సొంత హోటల్ 6 లక్షల అమ్మకాలతో సంపాదించే మొత్తాన్ని సంపాదించడానికి ఫ్రాంచైజీ హోటల్ దాదాపు 7,60,000 అమ్మాలి. అనగా కేవలం ఆ పేరును చూసి రోజుకు 5,300 రూపాయల అదనపు వ్యాపారం రావాలి. హైదరాబాద్‌లో, విశాఖలో మారుమోగే పేరు ఏడురోడ్ల కూడలిలో అంత గిరాకీ తేగలదా అన్నదే అసలు ప్రశ్న. ఆ అంకెను సంస్థ ప్రతినిధి నోటి నుండి కాక, మన జిల్లాల వంటి పట్టణాలలో ఇప్పటికే నడుపుతున్నవారి నుండి, ముఖ్యంగా మూసివేసినవారి నుండి తెలుసుకోవాలి. అమెరికాలో సంతకానికి 14 రోజుల ముందే సంస్థ తన వివరాలన్నీ వ్రాతపూర్వకంగా ఇవ్వాలన్న నిబంధన ఉన్నది. మన దేశంలో ఫ్రాంచైజీలకు ప్రత్యేక చట్టం లేదు. అడగనివారికి ఎవరూ చెప్పరు.

అద్దెకిచ్చే పేరు నిజంగా వారిదేనా అన్నది కూడా చూడాలి. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని బావర్చీ తమకు శాఖలు లేవని చెప్పుకుంటుంది. అయినా ఆ పేరుగల హోటళ్లు ఎన్నో ఊళ్లలో కనబడతాయి. బావర్చీ అంటే వంటవాడనే అర్థం గదా! అటువంటి మాటను ఒకరి సొత్తుగా నిలుపుకోవడం కష్టం. హోటల్ సేవలకు వర్తించే 43వ తరగతిలో ట్రేడ్‌మార్క్ నమోదు పూర్తయిందా, దరఖాస్తు దశలోనే ఉన్నదా అని రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు.

అధికారం మాట మరొకటి. మాంసం, మసాలా ఎవరి వద్ద కొనాలో సంస్థే నిర్ణయిస్తుంది. కాబట్టి కోడిమాంసం హలాల్ అన్న హామీ ఒప్పందంలోనే ఉండాలి. సరఫరాదారు మారినా వర్తించాలి. జుమా నమాజుకు గంటసేపు మూయడం, రంజాన్‌లో పగలు ఆపి ఇఫ్తార్ నుండి సహరీ వరకు నడపడం, ఆ నెలలో హలీం వండడం సొంత హోటల్‌లో యజమాని ఇష్టం. ఫ్రాంచైజీలో అనుమతి కావాలి. మన తీరంలో ఆ రోజు దొరికిన చందువాను మెనూలో చేర్చడానికి కూడా అంతే.

అయితే ఫ్రాంచైజీ ఇచ్చేది తక్కువేమీ కాదు. సొంత హోటల్‌లో వంటమాస్టర్ మానేస్తే రుచి కూడా అతని వెంటే వెళుతుంది. కొలిచి కట్టిన మసాలా పొట్లాలతో పనిచేసే వంటింటికి ఆ బెడద తక్కువ. వంటగది అనుభవం ఏమాత్రం లేనివారికి దీని విలువ ఎక్కువ. తెలిసిన వంటవాడు అన్నయ్యో బావమరిదో అయి, వాటాదారుగా నిలబడితే ఆ విలువ సగానికి సగం తగ్గుతుంది.

చివరగా, ఒప్పందం ముగిసే పుట. 2017లో మెక్‌డొనాల్డ్స్ ఉత్తర, తూర్పు భారతంలోని 169 హోటళ్ల ఫ్రాంచైజీని రద్దు చేసింది. అంతటి భాగస్వామికే ఏళ్ల తరబడి వివాదం తప్పలేదు. షాపు లీజు తమ పేరుతోనే ఉండేటట్లు, గడువు తీరాక బోర్డు మార్చి అక్కడే సొంత పేరుతో నడుపుకొనే వీలుండేటట్లు సంతకానికి ముందే వ్రాయించుకోవాలి. ఆ వాక్యం చేర్చడానికి సంస్థ నిరాకరిస్తే, ఒక న్యాయవాదికి పత్రం చూపించేవరకు అడ్వాన్సు చెల్లించకపోవడం మేలు.