మీకు తెలుసా? భాజనీయత బొమ్మలో సున్నాదే పైచేయి!

2, 3, 4, 6, 9, 12, 18 తీసుకోండి. శేషం లేకుండా భాగించే సంఖ్యను కింద, దాని గుణిజాన్ని పైన పెట్టి గీతతో కలిపితే వచ్చేది హాసే చిత్రం. జర్మన్ గణితవేత్త హెల్ముట్ హాసే పేరు మీద దాన్ని అలా పిలుస్తారు.

అడుగున 2, 3 వస్తాయి. వాటి పైన 4, 6, 9, ఆ పైన 12, 18. గీతలు ఎనిమిదే: 2 నుంచి 4, 6లకు, 3 నుంచి 6, 9లకు, 4 నుంచి 12కు, 6 నుంచి 12, 18లకు, 9 నుంచి 18కి. మరి 2 కూడా 12ను భాగిస్తుంది కదా, ఆ గీత ఏది? 4 మీదుగా ఎలాగూ దారి ఉంది కాబట్టి అది గీయకూడదు. చాలామంది తడబడేది ఇక్కడే.

కింద ఇంకేమీ లేని 2, 3 మినిమల్ మూలకాలు. పైన ఏమీ లేని 12, 18 మాక్సిమల్ మూలకాలు. లీస్ట్ మూలకం మాత్రం లేదు. అది మిగతా అన్నిటినీ భాగించాలి, కానీ 2 మూడును భాగించదు, 3 రెండును భాగించదు. 1ని చేర్చండి, లీస్ట్ మూలకం దొరికినట్టే. 5ను చేరిస్తే వింత: 1 లేని మొదటి బొమ్మలో అది ఏ గీతా లేకుండా విడిగా నిలిచి, మినిమల్, మాక్సిమల్ రెండూ తానే అవుతుంది.

0ను చేరిస్తే? ప్రతి సంఖ్యా సున్నాను భాగిస్తుంది కాబట్టి అది అన్నిటికన్నా పైన కూర్చుంటుంది. రుణసంఖ్యలను కలిపితే మాత్రం బొమ్మే కుదరదు: 2, -2 ఒకదాన్నొకటి భాగిస్తాయి, ఏది కిందో తేలదు.