కథ కంచికి వెళ్లిన చోట కోయాలి

1994 వేసవి సెలవుల్లో ఓ రాత్రి పిల్లలందరం డాబా మీద అమ్మమ్మ చుట్టూ పడుకుని కథలు వింటున్నాం. మామయ్య టేప్ రికార్డర్ తెచ్చి ఆవిడ తలగడ పక్కన పెట్టి, ఎర్ర మీట నొక్కి కిందికి వెళ్లిపోయాడు. అరవై నిమిషాల క్యాసెట్ రెండు వైపులా నిండింది. ఆ తరవాత ముప్పై ఏళ్లు అది బీరువాలో చీరల కింద పడుంది.

పోయినేడు దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాను. రెండు వైపులూ కలిపి అతికిస్తే 62 నిమిషాల ఒకే ఫైలు తయారైంది. ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టగానే పిన్ని ఫోన్ చేసింది. "అంతా బాగుందిరా, ఏడు చేపల కథ ఎక్కడుందో చెప్పు. వేలితో జరుపుతుంటే ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ పోతోంది." నిజమే. గంట నిడివిని ఫోన్ తెర వెడల్పులో పరిస్తే వేలి మందంలోనే నాలుగైదు నిమిషాలు దాక్కుంటాయి. ఏ కథకి ఆ కథ విడదీయక తప్పదు.

"అదెంత పని, నిశ్శబ్దం వచ్చిన చోటల్లా దానంతటదే కోసేసే సాఫ్ట్‌వేర్లున్నాయి" అన్నాడు మా తమ్ముడు. ఉన్నాయి, ఉచితంగానే దొరుకుతాయి. అయితే నిశ్శబ్దం అంటే ఏమిటో కంప్యూటర్‌కి తెలియదు. మనమే రెండు అంకెలు చెప్పాలి. ఎంత మెల్లగా ఉంటే నిశ్శబ్దం అనుకోవాలి? అది ఎంతసేపు ఉంటే లెక్కలోకి తీసుకోవాలి?

మొదటి అంకె డెసిబెల్స్‌లో ఉంటుంది. కంప్యూటర్ కొలబద్దలో సున్నా అంటే ఫైలు పట్టగలిగిన గరిష్ఠ శబ్దం, మిగతావన్నీ దాని కింద మైనస్‌లో ఉంటాయి. మైనస్ 20 దగ్గర మామూలు మాట వినిపిస్తుంది. మైనస్ 60 అంటే చెవి ఆనించినా వినపడనంత. నేను వాడిన ffmpeg అనే పనిముట్టు, మనం ఏమీ చెప్పకపోతే మైనస్ 60 కంటే తక్కువగా, రెండు సెకన్లకు పైగా ఉన్నదాన్ని నిశ్శబ్దంగా తీసుకుంటుంది.

అలాగే నడిపి చూశాను. 62 నిమిషాల్లో ఒకే ఒక్క నిశ్శబ్దం దొరికింది. అది సరిగ్గా క్యాసెట్ మొదటి వైపు అయిపోయిన చోట! అక్కడ కథ అవలేదు, టేపు అయిపోయింది. అమ్మమ్మ మాట మధ్యలో తెగిపోయి రెండో వైపున అందుకుంది. కోయకూడని చోటు ఏదైనా ఉంటే అదే.

ఎందుకిలా జరిగిందో తరవాత అర్థమైంది. క్యాసెట్‌లో అసలైన నిశ్శబ్దం ఉండదు. ఎవరూ మాట్లాడకపోయినా టేపు తనంతట తాను సన్నగా "స్స్" అంటూనే ఉంటుంది. రీలుకి రెండు కొసలా ఉండే ప్లాస్టిక్ ముక్క మీద శబ్దం పట్టే పూత ఉండదు కాబట్టి అక్కడొక్కచోటే ఆ బుస ఆగుతుంది. అందుకే ముందు ఆ బుస ఎంతుందో కొలవాలి. అమ్మమ్మ ఊపిరి తీసుకోవడానికి ఆగిన చోటొకటి చూసుకుని మీటర్ గమనిస్తే, నా క్యాసెట్‌లో అది మైనస్ 48 దాకా వస్తోంది. గీత దానికి కొంచెం పైన, మైనస్ 42 దగ్గర గీశాను.

```
ffmpeg -i ammamma.wav -af silencedetect=noise=-42dB:d=2 -f null -
```

ఇది ఫైలుని ముట్టుకోదు. వెతికి, దొరికిన చోట్లు తెర మీద రాస్తుంది, అంతే.

```
silence_start: 412.36
silence_end: 415.91 | silence_duration: 3.55
```

412 సెకన్లంటే ఆరు నిమిషాల యాభై రెండు. మొదటిదైన కాకి పిచ్చుక కథ ముగిసి, ఏడు చేపల కథ మొదలయ్యే చోటు. పిన్ని అడిగింది దొరికింది!

అయితే ఇలాంటివి మొత్తం 23 వచ్చాయి. క్యాసెట్‌లో ఉన్నవి తొమ్మిది కథలు, అంటే కోయాల్సిన చోట్లు ఎనిమిదే. ఒక్కొక్కటీ విని చూస్తే 23లో నిజమైనవి ఆరు. మిగతా పదిహేడు కథల మధ్యలోవి.

అవి ఎక్కడెక్కడ ఉన్నాయో చూస్తుంటే నాకు నవ్వొచ్చింది. మొదటి వైపు కోయకూడనివి ఐదు వస్తే, ఐదూ ఏడు చేపల కథలోనే ఉన్నాయి. చేప ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డొచ్చింది, అదెందుకు అడ్డొచ్చిందంటే ఆవు మేయలేదు, ఇలా ప్రశ్న మీద ప్రశ్నగా సాగే కథ అది. ప్రతి ప్రశ్న దగ్గరా అమ్మమ్మ ఆగి, మేం జవాబు చెప్పేదాకా చూసేది. ఇక రెండో వైపు పదకొండు వచ్చాయి. ఆ వైపు ఎందుకన్ని? మొదటి వైపు అంతా పిల్లల "ఊఁ" వినిపిస్తుంది. ఊఁ కొట్టకపోతే కథ ఆపేస్తానని ఆవిడ షరతు. ఆ ఊఁలే ఖాళీలను పూడ్చేశాయి. రాత్రి గడిచేకొద్దీ ఒక్కొక్కళ్లం నిద్రలోకి జారుకున్నాం, ఊఁలు పలచబడ్డాయి, నిశ్శబ్దాలు పెరిగాయి. పదిహేడోది సరే, టేపు తిప్పిన చోటు.

కోయాల్సిన చోట్లలో దొరకనివి రెండు మిగిలాయి. ఏదో తప్పిపోయిందని ఎలా తెలుస్తుందంటే, ముక్కల నిడివి చూడాలి. ఆరు చోట్ల కోస్తే ఏడు ముక్కలయ్యాయి. ఐదు ఆరేడు నిమిషాలవి, రెండు మాత్రం పద్నాలుగేసి నిమిషాలు. ఆ రెండిట్లోనూ రెండేసి కథలు కలిసిపోయి ఉన్నాయి. ఒకచోట కథ అవగానే "ఇంకోటి, ఇంకోటి" అని మేం అరవడం, ఆ అరుపుల మీదే ఆవిడ "అనగనగా" అని ఎత్తుకోవడం. అక్కడ అర సెకను ఖాళీ కూడా లేదు, ఏ అంకె పెట్టినా దొరకదు. రెండోచోట మూడున్నర సెకన్ల ఖాళీ ఉంది. కానీ దాని నడుమ నులక మంచం ఒకసారి కిర్రుమంది. ఈ పనిముట్టుకి ఒక్క క్షణం గీత దాటితే చాలు, నిశ్శబ్దం అక్కడితో అయిపోయినట్టే. ముందు 1.6 సెకన్లు, వెనక 1.9 సెకన్లు. రెండూ రెండు సెకన్లలోపే కాబట్టి రెండూ లెక్కలోకి రాలేదు. నిడివిని ఒకటిన్నరకి తగ్గిస్తే ఇది దొరికింది కానీ మొత్తం 41 అయ్యాయి. ఒక్కదాని కోసం పద్దెనిమిది కొత్తవి వినడం దండగ. పాత 23నే ఉంచుకున్నాను.

మరి కథ అయిపోయిందని చెవికి ఎలా తెలిసింది? అమ్మమ్మే చెప్పింది కాబట్టి. ప్రతి కథకీ చివర "కథ కంచికి, మనం ఇంటికి" అనేది. పద్నాలుగు నిమిషాల ముక్కల్లో నేను నిశ్శబ్దం కోసం వెతకడం మానేసి ఆ మాట కోసం వెతికాను. ఐదు నిమిషాల్లో రెండూ దొరికాయి.

అప్పట్నుంచీ నా పద్ధతి ఒకటే. యంత్రం చెప్పినవి గుర్తులుగా మాత్రం పెట్టుకోవడం, కత్తెర ఆఖర్న తీయడం. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిస్తే శబ్దం గీతల కింద పేర్లు రాసుకునే పట్టీ ఒకటి పెట్టుకోవచ్చు. ఆ పట్టీ మామూలు టెక్స్ట్ ఫైలే. మొదలు, చివర, పేరు, మధ్యలో ట్యాబ్‌లు.

```
0.0	0.0	01 కాకి పిచ్చుక
415.4	415.4	02 ఏడు చేపలు
```

23 చోట్లనూ ఇలా రాసి ఆడాసిటీలోకి తెచ్చుకున్నాను. ఒక్కోదాని దగ్గర ఐదేసి సెకన్లు విని, కానివి తీసేశాను. తప్పిపోయిన రెండింటినీ వింటూ వింటూ Ctrl+M నొక్కి పెట్టాను. పాట నడుస్తుండగానే ఆ క్షణంలో గుర్తు పడుతుంది. చివరికి ఎగుమతి చేసేటప్పుడు గుర్తుల ప్రకారం విడి ఫైళ్లుగా ఇమ్మంటే తొమ్మిదీ పేర్లతో సహా వచ్చేశాయి. పేరు ముందు 1 అని కాక 01 అని రాయడం మంచిది. లేకపోతే పది దాటిన చోట కొన్ని ప్లేయర్లు ఒకటి తరవాత పది పాడతాయి.

పై పట్టీలో 415.91 కాక 415.4 అని ఎందుకు రాశానో చెప్పాలి. యంత్రం నిశ్శబ్దం అయిపోయింది అన్నది శబ్దం గీత దాటిన క్షణం. "అనగనగా"లో మొదటి అకారం అంతకంటే ముందే, ఊపిరితో కలిసి మెల్లగా మొదలవుతుంది. సరిగ్గా అక్కడే కోస్తే "నగనగా" అని వినిపిస్తుంది. అర సెకను వెనక్కి జరిగితే ఊపిరి కూడా మిగులుతుంది. మిగతా నిశ్శబ్దం పాత కథ వెనక ఉండిపోతుంది, అక్కడ అది బాగుంటుంది కూడా.

ఇదంతా మాటల రికార్డింగు సంగతి. కచేరీ టేపుల మీద ఇది పనిచేయదు. తంబూరా శ్రుతి మొదట్నుంచి చివరిదాకా ఆగదు, నిశ్శబ్దం అసలు రాదు. కృతి అయిన చోట నిశ్శబ్దానికి బదులు చప్పట్లుంటాయి. కచేరీకి చేత్తో టైములు రాసుకోవడమే దగ్గరి దారి.

ఫైలుని ముక్కలు చేయకుండా లోపల అధ్యాయాల గుర్తులు మాత్రం పెట్టే పద్ధతీ ఉంది. ఆడియో పుస్తకాలకి వాడే m4b ఫైళ్లు అలాంటివే, వీఎల్‌సీ ప్లేయర్ వాటిని చక్కగా చూపిస్తుంది. యూట్యూబ్‌లో పెట్టేవాళ్లు వివరణలో టైములు రాస్తే చాలు. మొదటిది 0:00 కావాలి, కనీసం మూడుండాలి, ఒక్కోటీ పది సెకన్లకు తగ్గకూడదు. నేను పిన్నికి మాత్రం విడి ఫైళ్లే పంపాను. ఆవిడ ఫోన్లోని ప్లేయర్‌కి అధ్యాయాలు తెలియవు.

కోసే ముందు ఒక పని మరిచిపోకండి. మొత్తం రికార్డింగును వేవ్ ఫైలుగా, ఏమీ కోయకుండా ఒక కాపీ వేరే డిస్కులో పెట్టండి. గంటకి సుమారు 635 ఎంబీ అవుతుంది, ఈ రోజుల్లో అదేం పెద్ద బరువు కాదు. ఎంపీ3ని కోసి మళ్లీ ఎంపీ3గా దాచిన ప్రతిసారీ నాణ్యత కొంత పోతుంది, పోయింది తిరిగి రాదు.

తొమ్మిదిలో ఐదో కథకి నేను పెట్టిన పేరు కొంచెం పొడుగు: "05 పేదరాశి పెద్దమ్మ, మధ్యలో టేపు తిప్పాం". టేపు అయిపోయిందని ఎవరో చూసి తిప్పేలోగా కొంత కథ గాల్లో కలిసిపోయింది. రాజుగారు పెద్దమ్మ గుడిసె తలుపు తట్టారు, తరవాతి మాటకి గుర్రం మీద ఉన్నారు. మధ్యలో ఏం జరిగిందో మాలో ఎవరికీ గుర్తులేదు.