సగం పెరిగి, సగం తగ్గితే పావు గల్లంతు

*మార్కెట్ ఎక్కిన శాతమే దిగినా మదుపరి బయలుదేరిన చోటికి చేరడు. 2007, 2008 సంవత్సరాల సెన్సెక్స్ లెక్కే అందుకు సాక్ష్యం*

భిలాయి ఉక్కు నగరంలోని రుఆబాంధా సెక్టార్. అక్కడి క్వార్టర్లలో ఇంటి పెద్ద రిటైరైతే, జీతంలోంచి నెలనెలా కోతపడిన పీఎఫ్, దానికి తోడు గ్రాట్యుటీ ఒక్కసారిగా చేతికొస్తాయి. అలాంటి ఓ తెలుగు ఉద్యోగి 2006 చివర్లో లక్ష రూపాయలు తీసి, సెన్సెక్స్‌ను అంటిపెట్టుకుని నడిచే ఇండెక్స్ ఫండ్‌లో పెట్టారనుకుందాం. ఫండ్ ఖర్చులు, డివిడెండ్లు లెక్కలోకి తీసుకోవద్దు.

2006 ముగిసేనాటికి సెన్సెక్స్ 13,787 దగ్గర ఉంది. 2007 ఆఖరుకు 20,287కి ఎగబాకింది. అంటే 47 శాతం లాభం. లక్ష కాస్తా లక్షా నలభై ఏడు వేలయింది. మరుసటి ఏడాది అమెరికాలో లేమన్ బ్రదర్స్ కుప్పకూలింది, ప్రపంచ మార్కెట్లన్నీ వణికాయి. 2008 చివరికి సెన్సెక్స్ 9,647కి జారింది. పతనం 52 శాతం.

ఈ రెండు అంకెలనూ పేపర్లో చూసినవారికి తోచే లెక్క ఒకటే. నలభై ఏడు వచ్చింది, యాభై రెండు పోయింది, నికరంగా నష్టం ఐదు శాతం. కానీ స్టేట్‌మెంట్‌లో మిగిలింది 95 వేలు కాదు, సుమారు 70 వేలు. మరి ఆ పాతిక వేలు ఏమైనట్టు?

ఎవరూ కాజేయలేదు. 47 శాతం లెక్కగట్టింది లక్ష మీద. 52 శాతం కోతపడింది మాత్రం పెరిగిన లక్షా నలభై ఏడు వేల మీద. శాతం అనేది విడిగా నిలబడే అంకె కాదు, దాని వెనక ‘దేనిలో?’ అన్న ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. అంకెలను సరిచేసి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. వంద రూపాయలు 50 శాతం పెరిగితే 150. అందులో 50 శాతం పోతే 75. ముందు తగ్గి తర్వాత పెరిగినా అంతే: వంద యాభై అవుతుంది, యాభై డెబ్బై అయిదవుతుంది. శాతాలను కూడకూడదు, గుణించాలి. 1.5ను 0.5తో గుణిస్తే వచ్చేది 0.75. వంద నుంచి 150కి చేరిన సొమ్మును మళ్లీ వందకు దించడానికి మూడో వంతు పతనం చాలు.

చిన్న కదలికల్లో ఈ తేడా కంటికి ఆనదు. పది శాతం పెరిగి పది శాతం తగ్గితే పోయేది వందకు ఒక్క రూపాయే. ఇరవై అయితే నాలుగు రూపాయలు. యాభై దగ్గరికొచ్చేసరికి పాతిక. మామూలు రోజుల్లో కూడికతో నెట్టుకొచ్చినవారు పెద్ద పతనంలో దెబ్బతినేది ఇందుకే.

కోలుకునే దారి కూడా అంతే ఏటవాలు. సగం పోయిన సొమ్ము తిరిగి మొదటికి రావాలంటే నూరు శాతం పెరగాలి. 2009లో సెన్సెక్స్ 81 శాతం లేచి 17,465కు చేరినా, 2007 చివరి మట్టాన్ని అందుకోలేకపోయింది. అందుకు 110 శాతం కావాలి.

ఆ మూడేళ్ల శాతాలనూ కలిపి మూడుతో భాగిస్తే ఏడాదికి సగటున 25 శాతం రాబడి కనిపిస్తుంది. వినసొంపైన అంకె. నిజానికి లక్ష అయింది లక్షా 27 వేల లోపే, అంటే చక్రగతిన ఏడాదికి దాదాపు 8 శాతం. ఏడాది దాటిన కాలానికి మ్యూచువల్ ఫండ్లు చక్రగతి రేటునే చూపాలని సెబీ నిబంధన పెట్టింది ఊరికే కాదు. ఎవరైనా ‘సగటు రాబడి’ అంటే మొదట్లో ఎన్ని రూపాయలు, చివర్లో ఎన్ని రూపాయలు అని అడగండి, గుట్టు బయటపడుతుంది.

అయితే ఈ లెక్క మధ్యలో సొమ్ము కదిలించనివారికే వర్తిస్తుంది. లక్ష లక్షన్నర అయినప్పుడు లాభం 50 వేలు బయటికి తీసుకుని కూతురి పెళ్లికి దాచారనుకోండి. మిగిలిన లక్ష సగమైనా చేతిలో 50 వేలు, ఫండ్‌లో 50 వేలు. మొత్తం సరిగ్గా లక్ష. పెరిగినప్పుడూ తగ్గినప్పుడూ శాతం లెక్కకు ఆధారం అదే లక్ష గనుక పైసా తేడా రాలేదు.

దీనికి తలకిందులుగా చేసేవారే ఎక్కువ. పొరుగింటి లాభం చూసి, శిఖరం మీద మరో లక్ష తెచ్చి పోస్తారు. రెండున్నర లక్షలు లక్షా పాతిక వేలవుతాయి. పెట్టింది రెండు లక్షలు, పోయింది 75 వేలు. 2007 చివర్లో అలా చేరిన సొమ్ము అసలును మళ్లీ చూసుకోవడానికి దాదాపు మూడేళ్లు పట్టింది. 2010 ముగిసేనాటికి సెన్సెక్స్ 20,509.