పిక్క అంగడికి, పండు నేలకి

ఉద్దానం తోటల్లో వేసవి మొదలయ్యాక చెట్టు కింద నడిస్తే పులిసిన తీపి వాసన ముక్కుకు తగులుతుంది. ఎర్రవీ పసుపువీ జీడిమామిడి పండ్లు రాలిపడి ఉంటాయి. కూలీలు వంగి, పిక్కను మెలితిప్పి బుట్టలో వేసుకుంటారు. పండును అక్కడే వదిలేస్తారు.

పండు తినకూడనిదని కాదు. శుభ్రంగా తినొచ్చు. నిజానికి అది కాయను మోసే కాడే ఉబ్బి, రసం నిండి పండులా మారుతుంది. అసలు కాయ కింద వేలాడే పిక్క. 'సి' విటమిన్ నారింజలో కంటే ఇందులో చాలా ఎక్కువ. జాగ్రత్తపడాల్సింది పిక్కతోనే. దాని పెంకులోని జీడి అంటితే చర్మం పొక్కుతుంది, అందుకే పచ్చి పిక్కను పళ్లతో కొరకకూడదు. పిక్క తీసేసి, పండు కడిగి, ముక్కలకు ఉప్పద్దుకుని తింటే సరి. ఉప్పు లేకుండా కొరికితే మాత్రం వగరుకు నాలుక మొద్దుబారి గొంతు పట్టేస్తుంది. పండులోని టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకోవడమే దీనికి కారణం. రసంలో కాస్త గంజి గానీ, ఉడికించిన సగ్గుబియ్యం గానీ కలిపితే టానిన్లు దానికి అతుక్కుని అడుగుకు చేరతాయి. పైన తేరిన రసంలో వగరు బాగా తగ్గుతుంది.

మరి బజారుకు ఎందుకు రాదు? తోలు పల్చన, లోపలంతా రసం. చిన్న దెబ్బ తగిలినా చితుకుతుంది. చితికిన చోట ఈస్టు చేరి, ఎండలో ఒక్కరోజుకే పులుస్తుంది. అయితే నాకు అసలు చిక్కు పిక్క దగ్గరే ఉందనిపిస్తుంది. పిక్క బాగా ముదిరిందనడానికి గుర్తు పండు తనంతట తాను రాలడం. పిక్క కోసం అంతవరకు ఆగితే, నేలకు తగిలిన పండు అమ్మకానికి పనికిరాదు. పండు కోసం చెట్టు మీదే చేత్తో కోయాలంటే రోజూ తోటంతా తిరగాలి, పొడవైన చెట్లెక్కాలి. కూలి గిట్టదు.

లెక్క చూడండి. పండు బరువు పిక్కకు ఐదారు రెట్లయినా ఉంటుంది. పలాస వైపు పిక్కలను 80 కిలోల బస్తా లెక్కన అమ్ముతారు. అంటే ఒక్క బస్తా వెనక నాలుగైదు క్వింటాళ్ల పండు తోటలోనే మిగులుతుంది. పిక్కేమో ఎండబెడితే నెలల తరబడి నిలవ ఉంటుంది.

గోవాలో రాలిన పండు కూడా వృథా కాదు. తొక్కి రసం తీసి, పులియబెట్టి, ఫెనీ కాస్తారు. పులిసే గుణమే అక్కడ అక్కరకొచ్చింది. ఈశాన్య బ్రెజిల్‌లో తాజా పండే దుకాణాల్లో దొరుకుతుంది. పొట్టి రకాల చెట్లు పెంచి, పండును పిక్కతో సహా చేత్తో కోసి, ట్రేలలో సర్ది వెంటనే చల్లని గదికి చేరుస్తారు. అలా చేస్తే రెండు వారాల దాకా ఆగుతుంది. మనకైతే ప్రస్తుతానికి తోటకు వెళ్లి, ఉప్పు పొట్లం జేబులో వేసుకుని, చెట్టు మీది పండే కోసుకోవాలి. తెల్ల చొక్కా మాత్రం వద్దు, రసం మరక ఓ పట్టాన పోదు.