సీసా మారితే గీత మారుతుంది

అంగన్‌వాడీలో చాప మీద తల్లులు సర్దుకుని కూర్చోగానే ఆశా కార్యకర్త అడిగిన మొదటి ప్రశ్న: "పిల్లలకు జ్వరం సిరప్ దేంతో పోస్తారమ్మా?" అందరూ స్పూనుతోనే అన్నారు. ఇళ్ల నుంచి తెప్పించిన మూడు స్పూన్లతో ఒక్కో చెంచాడు నీళ్లు సిరప్ మూతలోకి పోసి చూపించింది. ఒకటి 5 ఎం.ఎల్. గీతకు సరిపోయింది. ఒకటి కిందే ఉండిపోయింది. మరొకటి గీత దాటింది. ఇక స్పూను గురించి వేరే చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

తర్వాత బొమ్మల చార్టు విప్పింది. ప్రతి వరుసలో కాటా మీద బిడ్డ, పక్కన మందు సీసా, గీత దాకా రంగు నింపిన మూత, చివర సూర్యుడు, చంద్రుడు. వయసు కాకుండా కాటా ఎందుకంటే, పారాసెటమాల్ మోతాదు బరువును బట్టి ఉంటుంది: కిలోకు ఒక్కసారికి 10 నుంచి 15 మిల్లీగ్రాములు.

"ఇప్పుడు నువ్వు చదువు చెల్లీ" అని ఒక తల్లిని లేపింది. ఆమె బాబు 10 కిలోలు. వరుస సరిగ్గానే పట్టుకుంది, 5 ఎం.ఎల్. గీత మీద వేలు పెట్టింది. కానీ ఆమె తెచ్చుకున్న సీసా మీద 250 అని ఉంది. చార్టులో బొమ్మ 125 సీసాది. 125 సిరప్ 5 ఎం.ఎల్.లో ఎంత మందు ఉంటుందో, 250 సిరప్‌లో అంత మందు రెండున్నర ఎం.ఎల్.లోనే ఉంటుంది. ఆమె చూపిన గీత దాకా పోస్తే బిడ్డకు రెట్టింపు పడేది. అలా రోజుకు నాలుగుసార్లు పడితే కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది. చుక్కల మందు ఇంకా చిక్కన: సాధారణంగా దొరికేదాంట్లో ఒక్క ఎం.ఎల్.లోనే 100 మిల్లీగ్రాములు. దాన్ని దాని డ్రాపర్‌తో తప్ప మూతతో కొలవకూడదు.

సూర్యచంద్రుల దగ్గర మరో తల్లి తడబడింది. "నాలుగు పూటలా పోయాలి కదక్కా?" నా దృష్టిలో ఈ చార్టులో అన్నిటికన్నా బలహీనమైన బొమ్మ ఇదే. పోయి తీరాలన్నట్టు కనిపిస్తుంది. అసలు అర్థం, అంతకు మించకూడదని. ఉదయం 6కు పోస్తే మధ్యాహ్నం 12 దాకా ఆగాలి. అప్పటికి ఒళ్లు చల్లబడి బిడ్డ ఆడుకుంటుంటే మందు అక్కర్లేదు. పోసిన ప్రతిసారీ టైము క్యాలెండర్ మీద రాసుకోమంది. లేకపోతే తల్లి పోసిన మందే తెలియక నానమ్మ మళ్లీ పోస్తుంది.

చార్టు అడుగున ఎర్ర గీత కింద గీసిన బిడ్డలకు మూత బొమ్మే లేదు. రెండు నెలలు నిండని పసికందు, పాలు తాగలేని బిడ్డ, ఫిట్స్ వచ్చిన బిడ్డ, లేపినా లేవని బిడ్డ. వీళ్లకు ఇంట్లో మందు పోస్తూ కూర్చోకండి, 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.