డాలరు రేటు కట్టేసుకున్నాక

గుంటూరులో తేజ మిర్చి ఎగుమతి చేసే చిన్న వ్యాపారి ఒకాయన ఉన్నాడనుకుందాం. మలేషియా నుంచి లక్ష డాలర్ల ఆర్డరు వచ్చింది. డబ్బు చేతికొచ్చేది మూడు నెలల తర్వాత. ఆ రోజు డాలరు 80 రూపాయలు. యార్డులో సరుకు కొనేది, కూలీ ఇచ్చేది రూపాయల్లో. ఈలోగా డాలరు 78కి దిగితే రెండు లక్షలు పోయినట్టే, లాభం మొత్తం అంతే ఉంటుంది మరి. అందుకే బ్యాంకుకెళ్లి ఫార్వర్డ్ కాంట్రాక్ట్ రాసుకున్నాడు: మూడు నెలల తర్వాత లక్ష డాలర్లు ఇస్తాను, 80.30 లెక్కన రూపాయలివ్వండి అని.

ఇవాళ 80 ఉంటే ముప్పై పైసలు ఎక్కువెందుకు ఇస్తున్నారు? డాలరు పెరుగుతుందని బ్యాంకు జోస్యం చెప్పడం కాదది. మన దగ్గర వడ్డీ 7 శాతం, అమెరికాలో 5 శాతం ఉంటే, ఆ తేడా మూడు నెలలకు అర శాతం, అంటే 40 పైసలు. దాన్నే ప్రీమియం అంటారు. అందులో పది పైసలు బ్యాంకు ఉంచుకుంది. విడిగా ఫీజు కట్టలేదు కనుక ఖర్చేమీ లేదనుకున్నాడు మన వ్యాపారి.

మూడు నెలలకు డాలరు 82 అయింది. 60 వేల డాలర్ల సరుకు చేరింది, డబ్బొచ్చింది. దాన్ని 80.30కే ఇచ్చేశాడు. బయట అమ్ముంటే లక్షా రెండు వేలు ఎక్కువొచ్చేది. బాధే గానీ, అది నష్టం కాదు. ఆయన కోరుకున్న రేటు ఆయనకొచ్చింది.

అసలు దెబ్బ మిగతా 40 వేల దగ్గర తగిలింది. చివరి విడత మిర్చిలో అఫ్లాటాక్సిన్ హద్దు దాటిందని కొనుగోలుదారు వద్దన్నాడు. సరుకు పోకపోయినా బ్యాంకుకిచ్చిన మాట పోదు. ఇవ్వాల్సిన డాలర్లు లేవు కాబట్టి కాంట్రాక్టులో ఆ భాగం రద్దు చేయాలి. రద్దంటే బ్యాంకు అమ్మే రేటుకు, అంటే 82.10కి, ఆ డాలర్లు కొని 80.30కి తిరిగిచ్చినట్టు లెక్క. డాలరుకు రూపాయి ఎనభై పైసల చొప్పున 72 వేలు ఆయన ఖాతాలోంచి పోయాయి. వెనక్కొచ్చిన మిర్చి నష్టం దీనికి అదనం.

ఇది అరుదైన సంగతేమీ కాదు. 2022 జనవరిలో 74 రూపాయల దగ్గరున్న డాలరు అక్టోబరుకల్లా 83 దాటింది. అలాంటి ఏడాదిలో ఆర్డరు తప్పితే దెబ్బ ఇంకా పెద్దది.

గడువు దాటినా పలక్కుండా ఊరుకోవడం మరీ ప్రమాదం. అప్పుడు బ్యాంకే రద్దు చేస్తుంది. నష్టం వస్తే వసూలు చేస్తుంది, లాభం వస్తే మనకివ్వదు. ఓడ ఆలస్యమైతే గడువుకు ముందే వెళ్లి పొడిగింపు అడగాలి. దానికీ ఆనాటి రేటు తేడా కట్టాల్సిందే.

కాబట్టి ఆర్డరు మొత్తానికి కాక, తప్పకుండా వస్తుందనుకున్న డబ్బుకే రేటు కట్టుకోండి. సంతకానికి ముందు ఆ రోజు రేటెంత, ప్రీమియమెంత, అందులో బ్యాంకు ఉంచుకునేదెంత అన్నవి విడివిడిగా రాయించుకోండి.